140 పౌండ్ల బూట్లు 251 ఎలా అయ్యాయి

విదేశీ సైట్‌లో ఆర్డర్ పెట్టినప్పుడు చివరి పేజీలో కనిపించే మొత్తం అమ్మేవాడికి ముట్టే డబ్బు. సరుకు మన చేతికి వచ్చే ధర అది కాదు. ఈ రెండింటికీ ఎంత తేడా ఉంటుందో మొదటిసారి పార్సిల్ దిగినప్పుడు తెలుస్తుంది, కొరియర్ వాళ్లు "మీ పార్సిల్ వచ్చింది, ఇంత కట్టండి" అని మెసేజ్ పెట్టినప్పుడు. అప్పుడు చాలామంది చేసే పని సుంకం రేటు ఎంతో వెతకడం. రేటు దొరుకుతుంది, కానీ దాంతో గుణిస్తే మెసేజ్‌లో ఉన్న అంకె రాదు. మళ్లీ గుణిస్తారు, అయినా రాదు. ఇక కొరియర్ వాడు దోచేస్తున్నాడనో, కస్టమ్స్ వాళ్లు తోచినంత వేశారనో అనుకుంటారు. నేనూ అలాగే అనుకుని ఒకసారి కోపంగా ఒక మెయిల్ కూడా రాశాను. తర్వాత కాగితం మీద వేసుకుంటే లెక్క పైసా తేడా లేకుండా సరిపోయింది. రేటు ఎంతో చూశాను గానీ, ఆ రేటు దేని మీద వేస్తున్నారో చూడలేదు, నా తప్పల్లా అదే.

అందుకే ఒకే ఒక్క పార్సిల్ తీసుకుని మొదటి నుంచి చివరి దాకా లెక్క కడదాం. దేశం బ్రిటన్ అనుకుందాం, ఎందుకంటే అక్కడి నిబంధనలు చెప్పడానికి తేలిక, ఇంకా చాలా దేశాల పద్ధతి కూడా కాస్త అటూ ఇటూగా ఇలాగే నడుస్తుంది. అమెరికాలో ఉన్న ఒక సైట్ నుంచి ఒక జత రన్నింగ్ బూట్లు తెప్పించారు. బూట్ల ధర 140 పౌండ్లు, షిప్పింగ్ 30. చెక్‌అవుట్‌లో కార్డు నుంచి పోయింది 170. పైభాగం గుడ్డ, కింద రబ్బరు సోల్ ఉన్న బూట్లకు అక్కడ దిగుమతి సుంకం 16 శాతం, వ్యాట్ 20 శాతం.

మామూలుగా ఎవరైనా మనసులో వేసుకునే లెక్క ఇది: 16, 20 కలిపితే 36, 140 మీద 36 శాతం అంటే 50 పౌండ్ల 40 పెన్నీలు, సరే, కాస్త ఎక్కువే అయినా పరవాలేదు. తీరా బిల్లు వస్తే అందులో 81 పౌండ్ల 4 పెన్నీలు ఉంటుంది. అనుకున్నదాని కంటే 30 పౌండ్ల 64 పెన్నీలు ఎక్కువ. ఈ 30 పౌండ్లు ఎక్కడి నుంచి ఊడిపడ్డాయన్నదే అసలు ప్రశ్న.

మొదటి సంగతి, సుంకం బూట్ల ధర మీద వేయలేదు. 170 మీద వేశారు. కస్టమ్స్ వాళ్ల దృష్టిలో సరుకు విలువ అంటే కొన్న ధర, దాన్ని ఆ దేశానికి చేర్చడానికి అయిన రవాణా ఖర్చు, ఇన్సూరెన్స్ ఉంటే అది కూడా, ఇవన్నీ కలిపిన మొత్తం. వ్యాపారంలో ఉన్నవాళ్లు దీన్ని సీఐఎఫ్ విలువ అంటారు. బ్రిటన్, యూరోపియన్ యూనియన్, భారత్ ఈ పద్ధతినే పాటిస్తాయి. అమెరికా, కెనడా మాత్రం దేశాల మధ్య రవాణా ఖర్చును పక్కన పెట్టి సుంకం వేస్తాయి, దాన్ని ఎఫ్ఓబీ అంటారు. ఒకే వస్తువుకు దేశానికొక లెక్క ఏమిటి అని అనిపించొచ్చు, కానీ ప్రపంచ వాణిజ్య సంస్థ ఒప్పందమే ఆ వెసులుబాటు ఇచ్చింది. సరుకు విలువను దాని మీద నిజంగా చెల్లించిన ధరతోనే మొదలుపెట్టాలని అందరికీ ఒకే సూత్రం పెట్టి, రవాణా, ఇన్సూరెన్స్ కలపాలా వద్దా అన్నది మాత్రం ఎవరి చట్టం వాళ్లు రాసుకోవచ్చని వదిలేసింది. (విమానంలో వచ్చిన సరుకుకు రవాణా ఖర్చులో ఎంత భాగం కలపాలి అనే దానికి వేరే నిబంధనలు ఉంటాయి. ఇక్కడ లెక్క తేలిగ్గా ఉండాలని 30 మొత్తం కలిపేశాను.)

సరే, 170 మీద 16 శాతం అంటే 27 పౌండ్ల 20 పెన్నీలు. ఇది సుంకం.

రెండో సంగతి వ్యాట్. ఇది 170 మీద కూడా కాదు. సుంకం కూడా కలిపిన మొత్తం మీద, అంటే 197 పౌండ్ల 20 పెన్నీల మీద. దాని మీద 20 శాతం 39 పౌండ్ల 44 పెన్నీలు. పన్ను మీద పన్ను అన్నమాట. ఇది వినగానే ఎవరికైనా ఒళ్లు మండుతుంది, నాకూ మండింది, కానీ దీని వెనక ఒక తర్కం ఉంది. అదే బూట్లను అక్కడి దుకాణంవాడు ఒకడు టోకున దిగుమతి చేసుకున్నాడనుకోండి. వాడు రవాణాకు డబ్బు పెడతాడు, సుంకం కడతాడు, ఆ ఖర్చులన్నీ కలిపి ధర వేసి అల్మారాలో పెడతాడు. కొనేవాడు వ్యాట్ కట్టేది ఆ ధర మీద, అంటే సుంకం, రవాణా అందులో కలిసిపోయిన ధర మీద. విదేశీ సైట్ నుంచి నేరుగా తెప్పించుకున్నవాడికి వ్యాట్ అంతకంటే తక్కువ పడితే ఊళ్లో కొట్టు పెట్టుకున్నవాడు నష్టపోతాడు. దిగుమతి మీద వేసే వ్యాట్ ఆ రెండింటినీ సమానం చేయడానికే. సుంకం వేరే, దాని పని బయటి సరుకును కాస్త ఖరీదు చేయడం. వ్యాట్ పని అది కాదు, దేశంలో అమ్ముడయ్యే సరుకు మీద పడే పన్నే దీని మీదా పడేలా చూడడం.

ఈ పొరల సంఖ్య దేశాన్ని బట్టి మారుతుంది. భారత్‌లో సాధారణంగా బేసిక్ కస్టమ్స్ డ్యూటీ ఒక పొర, ఆ డ్యూటీ మీద 10 శాతం సోషల్ వెల్ఫేర్ సర్‌ఛార్జి ఇంకో పొర, సరుకు విలువతో పాటు ఈ రెండూ కలిపిన మొత్తం మీద ఐజీఎస్టీ మూడో పొర. పేర్లు వేరు, నడక ఒకటే: కింది పొర మీద పై పొర కూర్చుంటుంది, కింద ఒక్క పౌండ్ పెరిగినా పైదాకా పెరుగుతుంది.

మూడోది కొరియర్ ఫీజు. ఇది పన్ను కాదు. పార్సిల్ విమానాశ్రయంలో ఆగిపోకుండా కొరియర్ వాళ్లు మన తరఫున పన్నులు ముందే కట్టేసి, తర్వాత మన దగ్గర వసూలు చేస్తారు. అలా డబ్బు ముందు పెట్టినందుకు, కాగితాలు నింపినందుకు ఫీజు. సాధారణంగా కట్టిన పన్నులో ఇంత శాతం అనీ, కనీసం ఇంత అనీ రెండు అంకెలు పెట్టి, ఏది ఎక్కువైతే అది తీసుకుంటారు. మన ఉదాహరణలో కనీస ఫీజు 12 పౌండ్లు అనుకుందాం. అది ఒక సేవ కాబట్టి దాని మీద మళ్లీ వ్యాట్, మొత్తం 14 పౌండ్ల 40 పెన్నీలు.

ఇప్పుడు అన్నీ కలిపితే:

```
(ధర + షిప్పింగ్) × (1 + సుంకం) × (1 + వ్యాట్) + కొరియర్ ఫీజు
(140 + 30) × 1.16 × 1.20 + 14.40 = 251.04
```

ఇందాకటి 30 పౌండ్ల 64 పెన్నీల సంగతి ఇప్పుడు తేలిపోతుంది. షిప్పింగ్ మీద కూడా సుంకం, వ్యాట్ పడ్డాయి కాబట్టి 11 పౌండ్ల 76 పెన్నీలు. 140 మీద వేసిన సుంకం మీద మళ్లీ వ్యాట్ పడింది కాబట్టి 4 పౌండ్ల 48 పెన్నీలు. మిగతా 14.40 కొరియర్ ఫీజు. అందరూ తిట్టిపోసే పన్ను మీద పన్ను ఈ మూడింటిలో అన్నిటికంటే చిన్నది! షిప్పింగ్, కొరియర్ ఫీజు, ఈ రెండే జేబుకు ఎక్కువ చిల్లు పెడుతున్నాయి, వాటి గురించే ఎవరూ ముందుగా ఆలోచించరు.

వస్తువు ఎంత చిన్నదైతే ఈ వంకర అంత ఎక్కువగా కనిపిస్తుంది. 20 పౌండ్ల వస్తువు, 8 పౌండ్ల షిప్పింగ్, 4 శాతం సుంకం, మినహాయింపులేవీ వర్తించని చోటుకు వస్తోంది అనుకోండి. రెండు పన్నులూ కలిపి 7 పౌండ్ల లోపే. కొరియర్ ఫీజు మాత్రం అదే 14.40. అంటే పన్ను కట్టడానికి అయిన ఖర్చు పన్నుకు రెట్టింపు. ఇలాంటి చోట పన్ను రేటు గురించి వాదించుకోవడం దండగ, ఏ కొరియర్‌లో వస్తుంది, వాళ్ల కనీస ఫీజు ఎంత అని ముందే చూసుకోవడం నయం. పోస్టులో వచ్చే వాటికి ఈ ఫీజు చాలా చోట్ల ఒకే స్థిరమైన అంకెగా ఉంటుంది, ఎక్స్‌ప్రెస్ కొరియర్ల కంటే మామూలుగా తక్కువే.

ఇక ఇక్కడి నుంచి ఒక విచిత్రం. ఇవే బూట్లు 140 కాకుండా 134 పౌండ్లకు దొరికి ఉంటే చేతికి వచ్చేసరికి ఎంత అయ్యేది? ఆరు పౌండ్లు తక్కువ, దాని మీద పన్ను కొంచెం తక్కువ, మహా అయితే ఎనిమిదో తొమ్మిదో పౌండ్లు మిగులుతాయి అనుకుంటాం. కానీ మిగిలేది 54 పౌండ్లు.

ఎందుకంటే బ్రిటన్‌లో 135 పౌండ్లు దాటని పార్సిల్ మీద సుంకం లేదు, వ్యాట్‌ను కూడా సరిహద్దులో కాకుండా అమ్మేవాడే అమ్మేటప్పుడు వసూలు చేసి కట్టాలి. 2021 జనవరి 1 నుంచి ఇదీ పద్ధతి. 134కి 30 షిప్పింగ్ కలిపితే 164, దాని మీద 20 శాతం వ్యాట్ 32 పౌండ్ల 80 పెన్నీలు, మొత్తం 196.80, అంతా చెక్‌అవుట్‌లోనే అయిపోతుంది. సరిహద్దులో కట్టాల్సింది ఏమీ లేదు కాబట్టి కొరియర్ ఫీజూ లేదు. గీత దాటగానే సుంకం దాటిన 5 పౌండ్ల మీద మాత్రమే కాదు, మొత్తం మీద పడుతుంది. ఆదాయపు పన్ను శ్లాబుల్లాగా ఉంటుందని అనుకుంటే పప్పులో కాలేసినట్టే.

ఈ గీత దగ్గర తెలుసుకోవాల్సిన మెలికలు రెండు మూడు ఉన్నాయి. పరిమితి చూసేటప్పుడు వస్తువు ధరనే చూస్తారు, షిప్పింగ్ విడిగా చూపించి ఉంటే దాన్ని కలపరు. ఇందాక సుంకం లెక్కలో షిప్పింగ్ కలిపారు కదా, ఇక్కడ కలపరా అంటే, అవును, కలపరు, రెండు వేర్వేరు లెక్కలు. దీనివల్ల "ఫ్రీ షిప్పింగ్" అనే మాట ఒక్కోసారి మన నెత్తినే పడుతుంది. 134 బూట్లకు, 30 షిప్పింగ్‌కు అని ఇన్వాయిస్ ఉంటే పరిమితి లోపలే ఉన్నాం. అదే సైట్ వాడు షిప్పింగ్ ఉచితం అని చెప్పి 164 అని ఒకే అంకె వేస్తే పరిమితి దాటేశాం, సుంకం, కొరియర్ ఫీజు రెండూ తగులుకుంటాయి. అలాగే పరిమితి ఒక్కో వస్తువుకు కాదు, ఒక్కో పార్సిల్‌కు. 70 పౌండ్లవి రెండు ఒకే డబ్బాలో వస్తే 140. పోనీ ఒకే ఆర్డర్‌ను రెండు డబ్బాల్లో పంపించమంటే సరిపోతుందా అంటే, ఒకే అమ్మకాన్ని పన్ను తప్పించుకోడానికి విడగొట్టారని తేలితే కలిపే లెక్క వేసే అధికారం కస్టమ్స్‌కు ఉంటుంది.

డిస్కౌంట్ కూపన్ మాత్రం నిజంగా పనికొస్తుంది, 140 మీద 6 పౌండ్ల కూపన్ వాడి ఇన్వాయిస్‌లో 134 అని వస్తే విలువ 134 అనే లెక్క. గిఫ్ట్ కార్డుతో కట్టిన డబ్బు మాత్రం డిస్కౌంట్ కాదు, అది చెల్లింపే, దాన్ని తీసేసి చూడరు.

ఇలాంటి పరిమితుల కాలం మెల్లగా చెల్లిపోతోంది. యూరోపియన్ యూనియన్‌లో 22 యూరోల లోపు పార్సిళ్లకు ఒకప్పుడు వ్యాట్ ఉండేది కాదు, 2021 జూలై 1న దాన్ని ఎత్తేశారు. 150 యూరోల లోపు వాటికి సుంకం మినహాయింపు అప్పటికి మిగిలింది, దాన్ని కూడా తీసేయాలని 2025 నవంబరులో అక్కడి ఆర్థిక మంత్రులు ఒప్పుకున్నారు. అమెరికాలో 800 డాలర్ల లోపు పార్సిల్ సుంకం లేకుండా వెళ్లిపోయేది, చాలా పెద్ద పరిమితి అది. 2025 మే 2న చైనా, హాంకాంగ్ సరుకుకు దాన్ని ఆపేశారు, ఆగస్టు 29 నుంచి అన్ని దేశాలకూ ఆపేశారు. పాత అనుభవంతో "ఇంతలోపు అయితే ఏమీ పడదు" అని ఎవరైనా సలహా ఇస్తే, ఆ అనుభవం ఏ సంవత్సరం నాటిదో అడగాలి.

రేటు గురించి ఇప్పటిదాకా 16 శాతం అని చెప్పుకుంటూ వచ్చాను. అది ఎక్కడి నుంచి వచ్చింది? ప్రతి వస్తువుకూ ఒక నంబర్ ఉంటుంది, హెచ్ఎస్ కోడ్ అంటారు. బ్రస్సెల్స్‌లో ఉన్న ప్రపంచ కస్టమ్స్ సంస్థ తయారుచేసిన పట్టిక ఇది, 1988 నుంచి అమల్లో ఉంది. మొదటి ఆరు అంకెలు ప్రపంచమంతా ఒకటే, ఆ తర్వాతి అంకెలు ఏ దేశం వాళ్లవి వాళ్లు కలుపుకుంటారు. రబ్బరు సోల్, గుడ్డ పైభాగం ఉన్న బూట్లు 6404తో మొదలవుతాయి. పైభాగం తోలు అయితే 6403. ఈ ఒక్క అంకె తేడాకి బ్రిటన్‌లో సుంకం 16 నుంచి 8 శాతానికి దిగుతుంది. మన ఉదాహరణలో అది పన్నుల్లో 16 పౌండ్ల 32 పెన్నీల తేడా.

మరి కొంత తోలు, కొంత గుడ్డ ఉంటే? పైభాగంలో బయటకు కనిపించే వైశాల్యం దేనిది ఎక్కువైతే దాని కింద లెక్క. సోల్ విషయంలో నేలకు తగిలే భాగంలో ఏది ఎక్కువైతే అది. బూట్ల కంపెనీలు ఈ నిబంధనను ఎంత బాగా చదువుకున్నాయంటే, కొన్ని బూట్ల సోల్ కింద సన్నని గుడ్డ నూగు అంటించి ఉంటుంది, నాలుగు రోజులు నడిస్తే అరిగిపోయేది. నడవడానికి దాంతో ఏ ఉపయోగమూ లేదు, గుడ్డ సోల్ కింద లెక్కకొస్తే అమెరికాలో సుంకం తగ్గేది కాబట్టి అంటించేవాళ్లు. కంపెనీలు అంతలా తలకాయ పెట్టే విషయం మన పార్సిల్ మీద మాత్రం ఎవరో గోదాంలో కూర్చుని "shoes" అని ఒక్క ముక్క రాసి వదిలేసేదిగా ఉంటుంది. అంత పొడి వివరణ ఉంటే కొరియర్ వాళ్లు తమకు తోచిన కోడ్ వేస్తారు, అది ఎక్కువ రేటుదే అయ్యే అవకాశం ఉంది. తోలు బూట్లు తెప్పిస్తుంటే ఇన్వాయిస్‌లో తోలు అని స్పష్టంగా రాయమని అమ్మేవాడికి ముందే ఒక మెసేజ్ పెట్టడం వృథా పోదు.

రేటును మార్చేది ఇంకొకటి ఉంది, దీన్ని ఎక్కువమంది తప్పుగా అర్థం చేసుకుంటారు. సరుకు ఏ దేశం నుంచి బయలుదేరింది అన్నది కాదు, ఏ దేశంలో తయారైంది అన్నదే ముఖ్యం. మన బూట్లు అమెరికా గోదాం నుంచి వచ్చినా లోపల చీటీ మీద వియత్నాంలో తయారైనట్టు ఉంటే కస్టమ్స్‌కు అవి వియత్నాం బూట్లే. అయితే మంచిదే కదా, బ్రిటన్‌కు వియత్నాంతో స్వేచ్ఛా వాణిజ్య ఒప్పందం ఉంది, సుంకం తగ్గాలి కదా అని తెలివైనవాళ్లు అడుగుతారు. తగ్గదు. ఒప్పందం రాయితీ కావాలంటే మూలం రుజువు చేసే పత్రం కావాలి, సరుకు మధ్యలో ఇంకో దేశపు మార్కెట్లోకి వెళ్లకుండా రావాలి. ఒకసారి అమెరికాలోకి దిగుమతై, అక్కడి గోదాంలో నుంచి ఒక్క జతగా బయటికొచ్చిన బూట్లకు ఆ రెండూ కుదరవు. యూరప్‌లో ఉన్నవాళ్లకు బ్రిటన్ దుకాణాలతో ఇదే జరుగుతుంది. 2021 నుంచి రెండు వైపులకూ సుంకం లేని ఒప్పందం ఉంది కదా అని ఆర్డర్ పెడతారు, వచ్చింది చైనాలో తయారైన చొక్కా, దానికి ఒప్పందం వర్తించదు, సుంకం పడుతుంది.

ఇప్పుడు బిల్లు తప్పుగా వచ్చిందో లేదో పట్టుకోవడం ఎలాగో చూద్దాం. ముందు బిల్లులో సుంకం, వ్యాట్, కొరియర్ ఫీజు విడివిడిగా ఉన్నాయో లేదో చూడాలి, ఒకే అంకె ఉంటే విడగొట్టి పంపమని అడగాలి. సుంకాన్ని రేటుతో భాగిస్తే కస్టమ్స్ వాళ్లు ఏ విలువ మీద లెక్క కట్టారో తెలుస్తుంది. మన కేసులో 27.20ను 0.16తో భాగిస్తే 170 రావాలి. అలా కాకుండా సుంకం 31.20 అని ఉందనుకోండి, భాగిస్తే 195 వస్తుంది, అంటే ఎక్కడో 25 ఎక్కువ వేశారు. ఇలాంటప్పుడు నేను మొదట అనుమానించేది సేల్ ధర. బూట్ల అసలు ధర 165, సేల్‌లో 140కి కొన్నాం, పార్సిల్ మీద మాత్రం గోదాంవాళ్ల సాఫ్ట్‌వేర్ 165 అని ముద్రించేసింది. దీనివల్ల పన్నుల్లో 9 పౌండ్ల 80 పెన్నీలు ఎక్కువ పోయాయి. ఆర్డర్ కన్ఫర్మేషన్, కార్డు స్టేట్‌మెంట్ రెండూ ఉంటే సరిదిద్దించుకోవచ్చు. తేడా మరీ పావలా అర్ధరూపాయి లాంటిదైతే అది మారకపు రేటు వల్ల కావచ్చు, కస్టమ్స్ వాళ్లు బ్యాంకు రేటు కాకుండా తాము ప్రకటించుకున్న రేటు వాడతారు, దాని గురించి బుర్ర పాడు చేసుకోనక్కర్లేదు.

ఇంకో మామూలు తప్పు రెండుసార్లు వ్యాట్ కట్టించుకోవడం. సైట్ చెక్‌అవుట్‌లోనే వ్యాట్ తీసుకుంటుంది, కానీ తీసుకున్నట్టు చెప్పే రిజిస్ట్రేషన్ నంబర్ పార్సిల్‌తో పాటు వెళ్లే డేటాలో ఉండదు. సరిహద్దులో ఉన్నవాళ్లకు అది పన్ను కట్టని పార్సిల్‌లాగే కనిపిస్తుంది, మళ్లీ వేస్తారు. యూరప్‌లో 150 యూరోల లోపు పార్సిళ్లకు ఐఓఎస్ఎస్ అనే నంబర్ ఉంటుంది, ఈ గొడవల్లో అసలు దొంగ చాలాసార్లు ఆ కనిపించకుండా పోయిన నంబరే. సైట్ ఇచ్చిన బిల్లులో వ్యాట్ విడిగా కనిపించే పేజీని దాచుకుంటే చాలావరకు అమ్మేవాడి దగ్గరే తిరిగి రాబట్టుకోవచ్చు.

ఈ టెన్షన్ అంతా లేకుండా ఆర్డర్ పెట్టేటప్పుడే ఎంత అవుతుందో తెలియాలంటే చెక్‌అవుట్ పేజీలో రెండు పొట్టి మాటల కోసం వెతకాలి. `DDP` అని ఉంటే పన్నులన్నీ అమ్మేవాడే కడతాడు, మనం ఇప్పుడు ఇచ్చిందే చివరిది. `DAP` అని గానీ, పాత అలవాటు కొద్దీ `DDU` అని గానీ ఉంటే పన్నులు మన నెత్తినే, పార్సిల్ దిగాక కట్టాలి. కొన్ని సైట్లు `Import Fees Deposit` అని కొంత డబ్బు ముందే పట్టుకుంటాయి, అసలు పన్ను తక్కువైతే మిగిలింది తిరిగి ఇస్తాయి. డీడీపీ ధర చూడడానికి ఎక్కువ అనిపిస్తుంది గానీ కొరియర్ ఫీజు అందులో కలిసి ఉంటుంది కాబట్టి, పైన వేసిన లెక్క చేసి పోల్చుకుంటే చాలాసార్లు సమానంగానో, తక్కువగానో తేలుతుంది.

కొందరు అమ్మేవాళ్లు అడగకుండానే "సాయం" చేస్తారు, పార్సిల్ మీద గిఫ్ట్ అనీ, విలువ 20 అనీ రాసి పంపుతారు. వాళ్లకు పోయేదేమీ లేదు. దిగుమతిదారు ఎవరు? మనం. కస్టమ్స్‌కు అనుమానం వచ్చి చెల్లింపు రుజువు అడిగితే చూపించాల్సింది మనం, 140 కట్టినట్టున్న స్టేట్‌మెంట్ చూపించాక పార్సిల్ పట్టుకున్నా, జరిమానా వేసినా భరించాల్సింది మనం. దారిలో పార్సిల్ పోతే ఇన్సూరెన్స్ వాళ్లు రాసిన 20 దగ్గరే ఆగిపోతారు, మిగతా 120 గోవిందా.

అన్నిటికంటే ఖరీదైన తప్పు మాత్రం సైజు. బూట్లు బిగుతుగా ఉన్నాయని వెనక్కి పంపారనుకుందాం. సైట్ వాడు మంచివాడు, 140 తిరిగి ఇచ్చేశాడు, షిప్పింగ్ 30 ఇవ్వడు. మొత్తం ఖర్చు 251.04, వచ్చింది 140, అంటే కాళ్లకు బూట్లు లేకుండానే 111 పౌండ్ల 4 పెన్నీలు పోయాయి, వెనక్కి పంపడానికి అయిన పోస్టేజీ ఇంకా కలపలేదు. ఇందులో 66.64 సుంకం, వ్యాట్, అవి అమ్మేవాడి దగ్గర లేవు, ప్రభుత్వం దగ్గర ఉన్నాయి, వాటిని వాడు ఇవ్వలేడు. వెనక్కి పంపిన సరుకు మీద పన్ను తిరిగి అడిగే దారి చాలా దేశాల్లో ఉంది, కానీ దానంతట అది రాదు. మనమే ఫారం నింపాలి. బ్రిటన్‌లో పోస్టులో వచ్చినదానికి `BOR286`, కొరియర్‌లో వచ్చినదానికి `C285`. వాటితో పాటు పన్ను కట్టిన బిల్లు, సరుకు దేశం దాటి వెళ్లిందని చూపించే ట్రాకింగ్, అమ్మేవాడు డబ్బు తిరిగి ఇచ్చిన రుజువు ఇవన్నీ కావాలి. అందుకే పార్సిల్ విప్పినప్పుడు డబ్బా మీద అంటించిన పన్ను చీటీని చింపి పారేయకుండా ఫోటో తీసి పెట్టుకోవాలి, దాని మీదున్న నంబర్ లేకుండా ఆ ఫారం నింపడం గగనం. అన్నీ సరిగ్గా పంపితే 66.64 వెనక్కి వస్తుంది. కొరియర్ వాళ్ల 14.40 మాత్రం రాదు, వాళ్లు చేయాల్సిన పని వాళ్లు చేసేశారు కాబట్టి.